వెబినార్‌ను ముక్కలు చేయండి, 'కాకపోతే'ను మాత్రం కోయకండి

జీవామృతం మీద మనం పెట్టుకున్న వెబినార్ పూర్తి వీడియో పైన ఉంది, గంటా నలభై నిమిషాలు. దాని కింద ఐదు చిన్న క్లిప్పులు ఉన్నాయి. ఐదూ ఆ రికార్డింగులోంచి తీసినవే, కానీ ఒక్కో దాని మొదటి మాట ఒక్కోలా ఉంటుంది. "ఒకే వీడియోను ఐదు సార్లు ఎందుకు తిప్పి తిప్పి పెడుతున్నారన్నా?" అని గ్రూపులో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. మన ప్రకృతి వ్యవసాయం వాళ్లలో చాలామంది ఇప్పుడు ఇదే పని చేస్తున్నారు కాబట్టి, దీని మీద నా అభిప్రాయం వివరంగానే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. గంటా నలభై నిమిషాల వీడియోను రైతు మొదటి నుంచి చివరిదాకా చూడడు. పొద్దున పాలు పితికి, నీళ్లు కట్టి, మధ్యాహ్నం చెట్టు కింద కూర్చున్నప్పుడు ఫోన్ తీస్తాడు. ఆ పది నిమిషాల్లో తనకు పనికొచ్చేది దొరకాలి. అందుకే క్లిప్పులు కావాలి, అందులో వాదం లేదు. నా వాదమంతా ఎక్కడ కోయాలి, మొదటి మాట ఏం పెట్టాలి అన్న రెండు విషయాల మీదే.

కోసేవాడికి పొలం తెలియదు

మన వైపు ఎడిటింగ్ ఎలా జరుగుతుందో చూడండి. దిల్‌సుఖ్‌నగర్ అంటేనే కోచింగ్ సెంటర్లు, కంప్యూటర్ కోర్సులు. అక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటూ ఖర్చుల కోసం వీడియోలు కట్ చేసిచ్చే కుర్రాళ్లు దొరుకుతారు. చేతి వేగం బాగుంటుంది. మనం రికార్డింగ్ లింకు పంపి "తమ్ముడూ, ఇందులోంచి ఐదారు షార్ట్స్ చేసి పెట్టు" అంటాం. అతను వీడియోను ముందుకు జరుపుకుంటూ పోయి, ఎక్కడ మాట గట్టిగా వినిపిస్తే అక్కడ కోస్తాడు. "ఒక్క డ్రమ్ము చాలు, యూరియా అక్కర్లేదు" అనే ముక్క దొరికితే అదే ముందు పెడతాడు. అతని తప్పేం లేదు. పది కిలోల పేడకూ వంద కిలోల పేడకూ తేడా అతనికెలా తెలుస్తుంది?

అసలు చిక్కు మన మాట తీరులో ఉంది. తెలుగులో షరతు మాటకు ముందైనా వస్తుంది, మాటైపోయాకైనా వస్తుంది. "నేలలో తేమ ఉన్నప్పుడే... ఎకరానికి రెండు వందల లీటర్లు పారించుకోవచ్చు" అంటాం. ఎడిటర్ 'ఎకరానికి' దగ్గర మొదలుపెడితే తేమ సంగతి ఎగిరిపోయినట్టే. లేదా "ఎకరానికి రెండు వందల లీటర్లు పారించుకోవచ్చు" అని ఊపిరి తీసుకుని, "కాకపోతే మొదటి ఏడాది దీని మీదే ఆధారపడొద్దు" అంటాం. ఆ ఊపిరి దగ్గరే కత్తెర పడుతుంది, ఎందుకంటే అక్కడ మాట ఆగింది, వాక్యం అయిపోయినట్టు వినిపించింది. వెబినార్‌లో వక్త చెప్పింది పూర్తిగా సరైనదే. క్లిప్పులో మిగిలింది మాత్రం సగం సలహా.

ఆ సగం సలహా ఖరీదు ఎవరు కడతారు? ఎండిన నేలలో డ్రమ్ము పోసి, "ఏం తేడా లేదు, ఇదంతా ఉత్తదే" అనుకుని మళ్లీ బస్తా కొనే రైతు కడతాడు. ఆ రైతును రెండోసారి తిప్పుకోవడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు.

నిమిషం గొడవ ఇప్పుడు లేదు

"షరతులన్నీ పెడితే షార్ట్ నిమిషంలో పట్టదు కదా" అనే జవాబు నేను చాలాసార్లు విన్నాను. ఒకప్పుడు అది నిజమే, షార్ట్స్‌కు అరవై సెకన్లే హద్దు. కానీ 2024 అక్టోబర్ 15 నుంచి యూట్యూబ్ నిలువుగానో చదరంగానో ఉన్న మూడు నిమిషాల దాకా వీడియోలను షార్ట్స్‌గానే తీసుకుంటోంది. ఇప్పటికీ పాత అలవాటుతో నిమిషానికే కోయడం ఎందుకు? జీవామృతం కొలతలు, కలిపే తీరు, ఒక హెచ్చరిక, ఈ మూడూ కలిపి నెమ్మదిగా చెబితే రెండున్నర నిమిషాల్లో అయిపోతాయి. 'కాకపోతే'కు చోటు ఉంది. చోటు ఉండీ కోస్తే అది మనం కావాలని చేసినట్టే.

మేం ఐదు ముక్కలు ఎలా తీశామంటే

వీడియోను ఎడిటర్‌కు పంపకముందు ఒక కాగితం మీద రాసుకున్నాం. ప్రతి క్లిప్పుకు నాలుగు గడులు: ఎవరి కోసం, ఏ వాక్యంతో మొదలు, ఏ వాక్యంతో ఆఖరు, తప్పకుండా ఉండాల్సిన షరతు ఏది. ఎక్కడ కోయాలనుకున్నామో దానికి పది సెకన్లు ముందు, పది సెకన్లు తర్వాత మళ్లీ విన్నాం. 'ఉంటేనే', 'అప్పుడే', 'కాకపోతే', 'అయితే' లాంటి మాట వినిపిస్తే హద్దును అక్కడిదాకా జరిపాం. గంటా నలభై నిమిషాల రికార్డింగుకు ఈ పని ఒక పూట పట్టింది. ఇది రైతు చేయాల్సిన పని, ఎడిటర్‌కు వదిలేసేది కాదు.

మొదటి క్లిప్పు కొలతలది. సుభాష్ పాలేకర్ గారి పద్ధతిలో ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పచ్చి పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, రసాయనాలు తగలని గట్టు మట్టి గుప్పెడు. నీడలో గోనె కప్పి, పొద్దున సాయంత్రం కర్రతో తిప్పుతూ 48 గంటలు ఉంచాలి. దీనికి పెట్టిన మొదటి మాట: "ఎకరానికి ఒక్క డ్రమ్ము. కాగితం తీసుకోండి, కొలతలు చెబుతా." ఇది కొత్తగా మొదలుపెట్టే రైతు కోసం. కాగితం అనగానే రాసుకోవాలనుకున్నవాడు ఆగుతాడు, మిగతావాళ్లు పోతారు. పోనివ్వండి.

రెండోది తేమ గురించి. మొదటి మాట: "పొడి నేలలో పోస్తే డ్రమ్ము దండగ." వక్త ఈ సంగతి ముప్పై ఎనిమిదో నిమిషంలో, వేరే ప్రశ్నకు జవాబిస్తూ చెప్పారు. నీళ్లు కట్టే రోజున కాలువ దగ్గర డ్రమ్ము పెట్టి, పారే నీళ్లలో సన్నటి ధారగా వదలమన్నారు. పూర్తి వీడియోలో ఈ మాట ఎవరికీ తగలదు. మొదటి క్లిప్పు చూసినవాడు దీన్ని కూడా చూడాలి కాబట్టి, మొదటి దాని చివర "నేల తడిగా ఉన్నప్పుడే పారించాలి" అన్న ఒక్క వాక్యం ఉంచాం. వివరం రెండో దాంట్లో ఉన్నా, షరతు మాత్రం రెండింటిలోనూ ఉంది.

మూడోది: "డ్రమ్ము కలిపి పది రోజులైందా? పోసే ముందు మూత తీసి చూడండి." ఇది ఇప్పటికే చేస్తున్న రైతు కోసం. రెండో రోజుకు పైన నురగ, బుడగలు కనపడాలి, పులిసిన వాసన రావాలి. వారం లోపు వాడేయాలి. కుళ్లిన కంపు కొడితే చేనుకు పారించొద్దు, పెంట కుప్ప మీద పోసి కొత్తది కలుపుకోవాలి.

నాలుగోది ఆచ్ఛాదన మీద. ఎడిటర్ దీనికి ముందు పెట్టిన మాట "ఆచ్ఛాదన ప్రాముఖ్యత". అది పుస్తకంలో పాఠం పేరు, చేలో నిలబడ్డవాడి ప్రశ్న కాదు. దాన్ని ఇలా మార్చాం: "జీవామృతం పోస్తున్నా చేను మారట్లేదా? కాళ్ల కింద నేల కప్పి ఉందా, బోడిగా ఉందా చూడండి." లోపలి విషయం ఒక్క సెకను మారలేదు. జీవామృతం ఎరువు కాదు, నేలలోని సూక్ష్మజీవులను పెంచే తోడు లాంటిది, ఎండకు కాలే బోడి నేలలో అవి బతకవు, అందుకే గడ్డి, ఆకు, పంట వ్యర్థాలు పరచాలి అన్నదే ఆ క్లిప్పు. మొదటి మాట మారాక అది ఎవరికి కావాలో వాళ్లకే తగిలింది.

ఎల్బీ నగర్‌లో ఇద్దరు శ్రోతలు

ఐదో క్లిప్పు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మొదటి మాట ఎందుకు మార్చాలో దీనితో బాగా తెలుస్తుంది.

ఎల్బీ నగర్ చౌరస్తాలో ఒక గంట నిలబడితే మన వీడియోలు చూసే రెండు రకాల మనుషులూ కనపడతారు. సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం, యాచారం వైపు నుంచి, విజయవాడ రోడ్డులో చౌటుప్పల్ వైపు నుంచి వచ్చే రైతులు ఒకరు. వనస్థలిపురం, కొత్తపేట, చైతన్యపురి కాలనీల్లో మేడ మీద కుండీలు పెంచుకునేవాళ్లు ఇంకొకరు. ఫోన్లో ఇద్దరికీ అదే క్లిప్పు వస్తుంది. మా స్టాల్ దగ్గర ఒక ఆంటీ అడిగారు: "బాబూ, రెండు వందల లీటర్లు కలపమంటున్నారు కదా, మాకున్నవి ఇరవై కుండీలు. మిగిలింది ఎక్కడ పొయ్యాలి?" నవ్వొచ్చే మాటలా ఉంది గానీ, మన క్లిప్పు ఆమెకు చెప్పింది అదే మరి.

మేడ తోటకు కొలత వేరు. అన్నిటినీ ఇరవయ్యో వంతు చేసుకోవాలి: 10 లీటర్ల నీళ్లు, అర కిలో పేడ, పావు లీటరు నుంచి అర లీటరు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల పిండి, చిటికెడు మట్టి. పొలంలో అది పారే నీళ్లలో కలిసి పలచబడుతుంది. కుండీలో ఆ వసతి లేదు కాబట్టి ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి, వడగట్టి పోయాలి. చిక్కగా పోస్తే మట్టి మీద పొర కడుతుంది, బెల్లానికి చీమలు, ఈగలు చేరతాయి, పక్కింటివాళ్లతో పంచాయితీ ఉండనే ఉంటుంది.

పల్లెలో ఎవరూ అడగని ఇంకో విషయం ఉంది. నగరంలో నల్లా నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. అది ఉన్నదే సూక్ష్మజీవులను చంపడానికి. మనం కలిపేది సూక్ష్మజీవుల కోసం. అందుకే నల్లా నీళ్లను మూత లేని బకెట్లో ఒక రోజు ఉంచి, ఆ తర్వాతే వాడాలి. ఈ జవాబు వెబినార్‌లో గంటా ఇరవై మూడో నిమిషంలో, ఒక మేడ తోట అమ్మగారి ప్రశ్నకు వచ్చింది. అప్పటికి రైతులు సగం మంది వెళ్లిపోయారు. పూర్తి వీడియోలో అది అడుగున పడి ఉంది. క్లిప్పులో దానికి మొదటి మాట: "నల్లా నీళ్లతో జీవామృతం కలుపుతున్నారా? ఒక్క రోజు ఆగండి."

చూశారా, ఇది రైతు క్లిప్పుకే వేరే మొదటి మాట తగిలించడం కాదు. మనిషి వేరు కాబట్టి ప్రశ్న వేరు, జవాబు వేరు, కొలత వేరు. మొదటి మాట మాత్రం మార్చి "మేడ తోట వాళ్లకు" అని పెట్టి, లోపల ఎకరం కొలతే వదిలేస్తే అది మోసం. మొదటి మాటలో ఎవరిని పిలిచామో, లోపల వాళ్లకే అన్నం పెట్టాలి.

మొదటి మాట ఎవరి నోట రావాలి?

ఇక్కడ నేను కొంచెం గట్టిగానే ఉంటాను. చాలామంది వక్త ఎక్కడో గంట తర్వాత అన్న వాక్యాన్ని తీసుకొచ్చి క్లిప్పు ముందు అతికిస్తున్నారు. "యూరియా బంద్ చేయొచ్చు" అని ఆయన మూడేళ్ల తర్వాతి సంగతిగా అన్నది, మొదటి ఏడాది కొలతల ముందు వచ్చి కూర్చుంటుంది. రెండూ ఆయన మాటలే, గొంతూ ఆయనదే. కానీ ఆ రెండూ పక్కపక్కన పెట్టింది ఆయన కాదు. ఆయన అననిది ఆయన చేత అనిపించడమే అది.

మా పద్ధతి ఏమిటంటే, మొదటి మాట మేమే, మా గొంతుతో, కొత్తగా రికార్డు చేస్తాం. ఐదు సెకన్లు చాలు. తర్వాత వక్త మాట, ఏ వరుసలో అన్నారో ఆ వరుసలోనే. మధ్యలో దగ్గులు, "వినపడుతోందా సార్" లాంటివి తీసేయొచ్చు. వాక్యాల చోటు మాత్రం మార్చం. ప్రశ్న అడిగిన రైతు గొంతునే మొదటి మాటగా పెట్టాలనిపిస్తే, అది చాలా బాగుంటుంది, కానీ ఆయనకు ఒక ఫోన్ చేసి అడగండి. వెబినార్‌లో యాభై మంది ముందు అడిగిన ప్రశ్న వేరు, ఊరంతా చూసే షార్ట్‌లో తన చేను పాడైందని వినపడటం వేరు. తెర పక్కన చాట్‌లో ఎవరి ఫోన్ నంబరైనా కనిపిస్తుంటే దాన్ని కోసేయండి.

ఇంకో చిన్న జాగ్రత్త. వెబినార్ రికార్డింగ్ అడ్డంగా ఉంటుంది, షార్ట్ నిలువుగా ఉంటుంది. నిలువుగా కోసినప్పుడు స్లైడ్ మీద కొలతలు రెండు పక్కలా తెగిపోతాయి. 10 కిలోలు అన్నది 0 కిలోలుగా కనపడితే ఎంత అన్యాయం! కొలతలను పెద్ద అక్షరాలతో మళ్లీ రాయించండి. బస్సులో శబ్దం లేకుండా చూసేవాళ్లకూ అదే ఆధారం.

క్లిప్పు నుంచి పూర్తి వీడియోకు దారి

చిన్న క్లిప్పు చూసినవాడికి మిగతాది కావాలంటే ఎక్కడికి పోవాలి? షార్ట్స్ వివరణలో, కామెంట్లలో పెట్టే లింకులు నొక్కినా తెరుచుకోకుండా 2023 ఆగస్టు చివర్లో యూట్యూబ్ ఆపేసింది. దానికి బదులుగా Related video అనే గడి ఇచ్చింది. స్టూడియోలో ఆ గడిలో పూర్తి వెబినార్‌ను ఎంచుకుంటే, షార్ట్ మీదే దాని లింకు కనపడుతుంది. పూర్తి వీడియో వివరణలో సమయాలు రాస్తే, చూసేవాడు నేరుగా తనకు కావలసిన చోటికి వెళ్తాడు. మొదటిది తప్పకుండా 00:00 ఉండాలి, కనీసం మూడు సమయాలు వరుసగా ఉండాలి. మాది ఇలా ఉంది:

```
00:00 పరిచయాలు
08:15 పేడ, మూత్రం సేకరణ
21:40 200 లీటర్ల కొలతలు
38:05 పొలంలో ఎలా పారించాలి
55:30 ఆచ్ఛాదన లేకపోతే
1:10:20 రైతుల ప్రశ్నలు
1:22:45 మేడ తోట ప్రశ్నలు
```

ఏ మొదటి మాట పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

వ్యూస్ చూసి సంబరపడకండి. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో ఆడటం మొదలైతే చాలు, ఒక వ్యూ లెక్కిస్తోంది. వేలు పైకి జరిపి పోయినవాడూ అందులో ఉంటాడు. పాత లెక్క Engaged views పేరుతో విడిగా ఉంది, చూస్తే అది చూడండి. మొదటి మూడు నాలుగు సెకన్లలోనే గీత నిలువునా పడిపోతే మొదటి మాట సరిగ్గా లేదు. మధ్యలో, సరిగ్గా కొలతల దగ్గర పడిపోతే లోపం మొదటి మాటది కాదు, పిలిచిన మనిషి వేరు, చెప్పిన జవాబు వేరు అయి ఉంటుంది.

కానీ నా దృష్టిలో అసలు కొలబద్ద కింద వచ్చే ప్రశ్నలు. కొలతల క్లిప్పు కింద "ఎంత పోయాలి అన్నా?" అని వస్తే ఆ క్లిప్పు పనిచేయలేదు, ఎన్ని వేల మంది చూసినా సరే. "మాది మిర్చి, డ్రిప్ ఉంది, వడగట్టకపోతే పైపులు మూసుకుపోతాయా?" అని వస్తే పనిచేసింది, ఎందుకంటే అతను కొలత దాటి తన చేను దాకా వచ్చాడు. అవును, వడగట్టాలి. ఆ ప్రశ్నే రేపు ఆరో క్లిప్పుకు మొదటి మాట అవుతుంది, దాని జవాబు కూడా ఆ రికార్డింగులోనే ముప్పై ఎనిమిదో నిమిషం తర్వాత ఉంది.

ఇదే రికార్డింగులోంచి ఇరవై క్లిప్పులు తీయొచ్చని ఒక మిత్రుడు అన్నాడు. తీయొచ్చు. కానీ అందులో ఇరవై జవాబులు లేవు. మేం కాగితం మీద లెక్కపెడితే ఐదు దొరికాయి, ఇప్పుడు డ్రిప్ ప్రశ్నతో ఆరు. అంతకు మించితే ఒకే జవాబుకు మూడు టోపీలు పెట్టి తిప్పడమే అవుతుంది. మీ దగ్గర పాత వెబినార్ ఉంటే, ఎడిటర్‌కు పంపే ముందు ఆ నాలుగు గడుల కాగితం ఒకటి తయారు చేసి చూడండి. షరతు గడి ఖాళీగా మిగిలిన క్లిప్పు ఏదైనా ఉంటే, రికార్డింగును ఇంకో పది సెకన్లు వెనక్కి జరపండి.